అరవై ఏళ్లకు అరవై లక్షలు: నెలజీతంగా మార్చుకోవడం ఎలా?

కిందటి సంక్రాంతికి విశాఖపట్నంలో మా అక్కావాళ్లింటికి వెళ్లాను. భోజనాలయ్యాక బావగారు ఒక రూళ్ల నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. ఆయన ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో స్టోర్స్ ఇన్‌చార్జిగా ముప్పై రెండేళ్లు పనిచేసి నవంబరులో రిటైరయ్యారు. పీఎఫ్, గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల డబ్బు, అంతకుముందు దాచుకున్నది కలిపి 60 లక్షలు బ్యాంకు ఖాతాలో ఉన్నాయి. ఇల్లు సొంతం, అప్పుల్లేవు. పీఎఫ్ ఆఫీసు నుంచి వచ్చే పెన్షను నెలకు 4,500 రూపాయలు. ఇద్దరి ఖర్చూ నెలకు 40,000 అవుతుందని అక్క లెక్క.

పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో రెండు అంకెలు రాసుకున్నారు బావగారు. ఎడమ పేజీలో 40,000. బ్యాంకులో మ్యూచువల్ ఫండ్లు చూసే అబ్బాయి చెప్పిన అంకె అది. 60 లక్షలూ ఫండ్‌లో పెట్టి సిస్టమాటిక్ విత్‌డ్రాయల్ ప్లాన్ పెట్టుకుంటే నెలనెలా 40,000 ఖాతాలో పడతాయని, అసలు తరగకపోగా పెరుగుతుందని చెప్పాడట. కుడి పేజీలో 32,500. అది బీమా ఏజెంటు చెప్పింది. యాన్యుటీ కొంటే బతికున్నంత కాలం నెలకు 32,500, ఆ తర్వాత 60 లక్షలూ పిల్లలకు.

"ఏమోయ్ బావమరిదీ, నలభై ఎక్కువా ముప్పై రెండున్నర ఎక్కువా అంటే చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. మరి ఆ ఏజెంటు అంత ధీమాగా ఎందుకున్నాడు?" అని అడిగారాయన.

ఆ సాయంత్రం మేం మాట్లాడుకున్నదే ఈ వ్యాసం. రిటైరైన ప్రతి ఇంట్లోనూ ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూస్తారు. అలా చూడటంలోనే తప్పు జరుగుతుంది, ఎందుకంటే ఆ రెండూ ఒక జాతి అంకెలు కావు. 32,500 అనేది ఒక కంపెనీ రాసిచ్చిన మాట. 40,000 అనేది ఎవరూ ఇచ్చిన మాట కాదు. మన డబ్బులోంచి మనం ఎంత తీసుకుంటామో మనమే ఫారంలో రాసుకున్న సంఖ్య. అక్కడ 40,000కు బదులు 80,000 అని రాసినా ఫండ్ సంస్థ కాదనదు, నెలనెలా పంపిస్తుంది. డబ్బు అయిపోయిన నెల ఆపేస్తుంది.

ముందు ఈ విత్‌డ్రాయల్ ప్లాన్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఫండ్‌లో మన డబ్బు యూనిట్ల రూపంలో ఉంటుంది. యూనిట్ ధర 50 రూపాయలున్న రోజున 60 లక్షలు పెడితే 1,20,000 యూనిట్లు వస్తాయి. ప్రతి నెలా ఫలానా తేదీన 40,000 కావాలని చెబితే, ఆ రోజు ధర ప్రకారం అన్ని యూనిట్లు అమ్మి, రెండు మూడు పనిదినాల్లో డబ్బు మన ఖాతాలో వేస్తారు. ధర 50 ఉంటే 800 యూనిట్లు పోతాయి. అది వడ్డీ కాదు, డివిడెండు కాదు. కొబ్బరితోటలో కాయలు కోసుకున్నట్టు కాదు, నెలకు కొన్ని చెట్లు అమ్ముకున్నట్టు. మిగిలిన చెట్లు ఏపుగా పెరిగితే తోట విలువ తగ్గదు, పెరగొచ్చు కూడా. ఆ అబ్బాయి చెప్పింది ఈ సగం. అది అబద్ధం కాదు.

రెండో సగం మార్కెట్ పడిన ఏడాది కనిపిస్తుంది. యూనిట్ ధర 50 నుంచి 30కి పడిందనుకోండి. కరెంటు బిల్లు, మందుల చీటీ తగ్గవు కనుక మనకు అదే 40,000 కావాలి. ఇప్పుడు 800 కాదు, 1,333 యూనిట్లు అమ్మాలి. తర్వాత ధర మళ్లీ 50కి చేరినా, అదనంగా అమ్మేసిన ఆ 533 యూనిట్లు తిరిగి రావు. ఉద్యోగంలో ఉండి నెలనెలా ఫండ్‌లో వేసేవారికి మార్కెట్ పడటం మేలు చేస్తుంది, చవగ్గా ఎక్కువ యూనిట్లు వస్తాయి. తీసుకునేవారికి అదే లెక్క తిరగబడుతుంది. ముప్పై ఏళ్లపాటు పడినప్పుడు భయపడొద్దని విన్న మనిషి, రిటైరయ్యాక కూడా అదే సలహా పట్టుకుని కూర్చుంటే దెబ్బతింటాడు.

ఇది ఊహ కాదని చూపించడానికి ఆ పుస్తకంలోనే ఒక లెక్క వేశాను. 2007 చివర సెన్సెక్స్ 20,287 దగ్గర ఉంది. ఏడాది తిరిగేసరికి, 2008 చివర, 9,647కి పడిపోయింది. 2009 చివరకు 17,465, 2010 చివరకు 20,509. 2011లో మళ్లీ దిగి 15,455. అక్కణ్ణుంచి లేచి 2014 చివరకు 27,499 అయింది. ఇప్పుడు ఇద్దరు మనుషుల్ని అనుకుందాం. ఇద్దరి దగ్గరా 50 లక్షలు. ఇద్దరూ మొత్తం సెన్సెక్స్ వెంట నడిచే ఫండ్‌లోనే పెట్టి, ఏడాదికి 3.6 లక్షలు, అంటే నెలకు 30,000 చొప్పున తీసుకున్నారు. లెక్క తేలిక కోసం ఆ డబ్బు ఏడాది చివర ఒకేసారి తీశారనీ, డివిడెండ్లు, పన్నులు, ఫండ్ ఖర్చులు లేవనీ అనుకుందాం.

మొదటాయన 2007 డిసెంబరులో రిటైరయ్యాడు. తొలి ఏడాదే 50 లక్షలు కాస్తా దాదాపు 23.8 లక్షలయ్యాయి. అందులోంచి 3.6 లక్షలు తీస్తే మిగిలింది 20 లక్షల చిల్లర. తర్వాతి ఏడాది మార్కెట్ 81 శాతం లేచినా, ఆ లేవడం 50 లక్షల మీద కాదు, 20 లక్షల మీద. అలా నడుచుకుంటూ వస్తే 2014 చివర ఆయన దగ్గర సుమారు 27 లక్షలున్నాయి. ఆ ఏడేళ్లలో సెన్సెక్స్ మాత్రం 35 శాతం పెరిగింది. ఆయన ఏమీ తీయకుండా ఉండి ఉంటే 50 లక్షలు దాదాపు 68 లక్షలయ్యేవి. ఖర్చుకు తీసుకున్న 25 లక్షలు అందులోంచి తీసేసినా 42 లక్షలకు పైగా ఉండాలి. ఉన్నది 27. ఆ తేడా 15 లక్షలు తక్కువ ధరలో యూనిట్లు అమ్మడం వల్ల పోయినవి.

రెండో ఆయన సరిగ్గా ఒక్క ఏడాది ఆలస్యంగా, 2008 డిసెంబరులో రిటైరయ్యాడు. అదే 50 లక్షలు, అదే 3.6 లక్షలు. 2014 చివర ఆయన దగ్గర కోటి పన్నెండు లక్షలున్నాయి. మొదటాయనకన్నా ఈయన తెలివైనవాడేమీ కాదు. పుట్టినతేదీ వేరు, అంతే. బ్యాంకు అబ్బాయి టాబ్‌లో చూపించిన గ్రాఫ్ 2009 జనవరిలో మొదలైంది. అది రెండో ఆయన కథ. అందుకే ఎవరైనా మీకు ఇలాంటి గ్రాఫ్ చూపిస్తే అడగాల్సిన మొదటి మాట, "ఇదే లెక్క 2008 జనవరి నుంచి చూపించండి" అని.

సరే, మార్కెట్ అంత ఘోరంగా పడకుండా ఏటా నికరంగా 9 శాతం ఇస్తూ పోయిందనే అనుకుందాం. అయినా మరో చిక్కు ఉంది. ఇవాళ్టి 40,000 పదేళ్ల తర్వాత 40,000 ఖర్చుకు సరిపోదు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లకు ఖర్చు రెట్టింపవుతుంది. కాబట్టి తీసుకునే మొత్తాన్నీ ఏటా 6 శాతం పెంచుకుంటూ పోవాలి. అలా చేస్తే బావగారి 60 లక్షలు సుమారు పదహారేళ్లలో ఖాళీ అవుతాయి. ఆయనకు అప్పుడు 76, అక్కకు 72. అదే నెలకు 25,000తో మొదలుపెట్టి ఏటా 6 శాతం పెంచుకుంటే ఆ డబ్బే ముప్పై ఏళ్లు వస్తుంది. మొదటి ఏడాది తీసుకునేది మొత్తంలో ఎన్నో వంతు అన్నదే ఇక్కడ ప్రాణం. 40,000 అంటే ఏడాదికి 8 శాతం. 25,000 అంటే 5 శాతం.

అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో ఈ లెక్కను అక్కడి పాత మార్కెట్ లెక్కలన్నిటి మీదా వేసి చూశాడు. మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, తర్వాత ధరలతోపాటు పెంచుకుంటూ పోతే ముప్పై ఏళ్లు డబ్బు నిలిచిందని తేల్చాడు. అది వాళ్ల దేశపు షేర్లు, వాళ్ల బాండ్లు, వాళ్ల ధరలు. మనకు అచ్చంగా అతికించుకోలేం. కానీ నెలకు ఒక శాతం తీసుకోండి, ఏమీ కాదు అని మనవాళ్లకు చెబుతున్న మాట ఎంత దూరం పోయిందో దాన్ని బట్టి తెలుస్తుంది. నెలకు ఒక శాతం అంటే ఏడాదికి 12 శాతం. నా మటుకు 5 శాతాన్ని పైహద్దుగా పెట్టుకుంటాను, అదీ మార్కెట్ పడిన ఏడాది ఖర్చు కొంత తగ్గించుకోగల ఇంటికి.

ఇక కుడి పేజీ. యాన్యుటీ అంటే బీమా సంస్థకు ఒక మొత్తం ఒకేసారి ఇచ్చేసి, బదులుగా జీవితాంతం నెలనెలా డబ్బు కొనుక్కోవడం. మామూలు బీమా మనిషి తొందరగా పోతే ఇంటికి డబ్బిస్తుంది. ఇది మనిషి ఎక్కువకాలం బతికితే డబ్బిస్తుంది. ఎన్‌పీఎస్‌లో ఉన్నవారికి ఇది తెలిసిన మాటే. అక్కడ కూడబెట్టినదాంట్లో కొంత భాగంతో యాన్యుటీ కొనాలన్న నిబంధన ఉంది. పీఎఫ్ డబ్బుకు అలాంటి నిర్బంధం లేదు. అందుకే బావగారి లాంటివాళ్లు ఈ నిర్ణయం తమంతట తామే తీసుకోవాలి.

ఏజెంటు చెప్పిన 32,500 ఏ రకం యాన్యుటీదో బావగారికి తెలియదు. నిజానికి తేడా అంతా అక్కడే ఉంది. ఎల్‌ఐసీ జీవన్ అక్షయ్‌లో గానీ మరో సంస్థ పథకంలో గానీ పది రకాల దాకా ఉంటాయి. ఇంటికి పనికొచ్చేవి చూస్తే ముఖ్యంగా రెండు. ఒకటి, మనం పోయాక కొన్న ధర వారసులకు తిరిగిచ్చేది. మనవాళ్లలో ఎక్కువమంది అడిగేది, ఏజెంట్లు అమ్మేది ఇదే. రెండోది, ఏమీ తిరిగివ్వనిది. మనిషితోపాటు పాలసీ ముగుస్తుంది. ఏమీ తిరిగి రాదనగానే మనకు గుండె గుభేలుమంటుంది. బావగారూ అదే అన్నారు: "రేపు పొద్దున్న నాకేమైనా అయితే అరవై లక్షలూ గంగలో కలిసినట్టేగా?"

కానీ మొదటి రకంలో లెక్క ఇలా నడుస్తుంది. మన 60 లక్షలు ఎలాగూ తిరిగివ్వాలి కాబట్టి సంస్థ దాన్ని ముట్టుకోదు, దాని మీద వచ్చే వడ్డీలో తన వంతు తీసుకుని మిగతాది మనకిస్తుంది. 32,500 అంటే ఏడాదికి 3.9 లక్షలు, అంటే 6.5 శాతం. పేరు యాన్యుటీ అయినా అది జీవితకాలపు ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే. దాన్ని గుర్తుపట్టడానికి తేలిక పరీక్ష ఉంది. యాభై ఐదేళ్లకు కొంటే ఎంతిస్తారు, డెబ్బై ఏళ్లకు కొంటే ఎంతిస్తారు అని అడగండి. ధర తిరిగిచ్చే రకంలో ఆ రెండింటికీ పెద్ద తేడా ఉండదు. వయసును బట్టి మారడం లేదంటే అందులో దీర్ఘాయువుకు బీమా పెద్దగా లేదని అర్థం.

రెండో రకంలో వయసు పెరిగేకొద్దీ శాతం బాగా పెరుగుతుంది. లెక్కకు అరవై ఏళ్లప్పుడు 8 శాతం వస్తుందనుకుంటే, డెబ్బై దగ్గర అది 10 చుట్టుపక్కల ఉండొచ్చు. ఎందుకంటే అక్కడ చీటీ లాంటి ఏర్పాటు ఉంది. వెయ్యిమంది తలా పది లక్షలు వేస్తారు. కొందరు డెబ్బైకి ముందే పోతారు. వాళ్ల మిగులు సంస్థ దగ్గరే ఉండి, తొంభై దాటినవారికి నెలనెలా అందుతుంది. ఎవరు ముందో ఎవరు వెనకో ఎవరికీ తెలియదు కాబట్టే ఆ చీటీ నడుస్తుంది. 8 శాతం చొప్పున పన్నెండున్నరేళ్లకు మనం వేసింది మనకు వచ్చేస్తుంది. ఆ తర్వాత బతికిన ప్రతి నెలా వచ్చేది చీటీలోని ఇతరుల డబ్బు. ఫండ్ ఎంత గొప్పదైనా ఈ ఒక్క పని చేయలేదు. మనం తొంభై ఐదు దాకా బతికితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఫండ్ దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు: డబ్బుంటే ఇస్తాను.

యాన్యుటీకి ఉన్న పెద్ద జబ్బు ధరల పెరుగుదల. రాసిచ్చిన అంకె మారదు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే బావగారి 32,500కు ఆయన 72వ ఏట ఇవాళ్టి 16,000 విలువే ఉంటుంది. 84వ ఏట 8,000. ఏటా 3 శాతం చొప్పున పెరిగే రకం ఉందిగానీ అది బారువడ్డీ లెక్కన పెరుగుతుంది, పైగా మొదటి నెల చెల్లింపు బాగా తక్కువగా మొదలవుతుంది. రెండో జబ్బు, వెనక్కి తిరగలేకపోవడం. పాలసీ కాగితం చేతికొచ్చాక ముప్పై రోజుల్లోగా నచ్చలేదని తిప్పి పంపొచ్చు. ఆ గడువు దాటితే, ఏమీ తిరిగివ్వని రకంలో డబ్బు ఇక మనది కాదు. బీమా నియంత్రణ సంస్థ 2021లో అన్ని కంపెనీలతోనూ తెప్పించిన సరళ్ పెన్షన్‌లో కూడా మధ్యలో వదులుకునే వీలు తీవ్రమైన జబ్బు వచ్చినప్పుడే ఉంది. కాబట్టి ఆసుపత్రి ఖర్చుకు వేరే డబ్బు పెట్టుకోకుండా మొత్తం యాన్యుటీలో పోయడం ప్రమాదం.

ఈ చిక్కుముడినే బలంగా మార్చుకున్న ఇళ్లను కూడా నేను చూశాను. మన ఇళ్లలో పెద్దాయన ఖాతాలో అరవై లక్షలు ఉన్నాయని తెలిస్తే, అవి అరవై లక్షలుగా ఎక్కువకాలం ఉండవు. పిల్లవాడి ఫ్లాట్‌కు పది లక్షలు, అల్లుడి వ్యాపారానికి ఐదు, మనవరాలి ఇంజనీరింగ్ సీటుకు ఇంకో నాలుగు. అడిగేవాళ్లు పరాయివాళ్లు కారు, అడిగే అవసరం అబద్ధం కాదు. కాదనలేక ఇచ్చి, డెబ్బై ఐదేళ్లకు అదే పిల్లల దగ్గర మందుల డబ్బు అడగాల్సి వచ్చినవాళ్లు నాకు దగ్గరి బంధువుల్లోనే ఉన్నారు. ఫండ్ డబ్బు ఫోన్‌లో రెండు నొక్కులతో బయటికొస్తుంది. యాన్యుటీ డబ్బును అడిగినా ఇవ్వలేం. నెలకు వచ్చే ఎనిమిది వేలను ఎవరూ ఫ్లాట్‌కు అడగరు. ఈ కారణంగా లెక్కల్లో ఓడిపోయే యాన్యుటీ కూడా కొన్ని ఇళ్లలో గెలుస్తుందని నమ్ముతాను.

పన్ను గురించి ఎక్కువగా మాట్లాడతారుగానీ, మధ్యతరగతి ఇంటికి ఇక్కడ అది తేల్చే విషయం కాదు. యాన్యుటీలో వచ్చిందంతా ఆదాయంగా లెక్కకొస్తుంది. విత్‌డ్రాయల్ ప్లాన్‌లో అమ్మిన యూనిట్ల మీద వచ్చిన లాభమే లెక్కకొస్తుంది. 50కి కొన్న యూనిట్ 54కి అమ్మితే పన్ను ఆ నాలుగు రూపాయల మీదే. షేర్ల ఫండ్లలో ఏడాది దాటిన యూనిట్ల లాభం ఏటా 1.25 లక్షల దాకా పన్నులేదు, ఆపైన 12.5 శాతం. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం, చాలా ఫండ్లలో ఎగ్జిట్ లోడ్ కూడా పడుతుంది. అందుకే డబ్బు పెట్టిన మరుసటి నెల నుంచే షేర్ల ఫండ్‌లోంచి తీయడం మొదలుపెట్టకూడదు. 2023 ఏప్రిల్ తర్వాత కొన్న డెట్ ఫండ్లకు ఈ రాయితీ లేదు, లాభం మామూలు ఆదాయంతో కలుస్తుంది. ఇదంతా పెద్ద పెన్షను, అద్దెలు ఉన్నవారికి ముఖ్యం. బావగారి మొత్తం ఆదాయం కొత్త విధానంలో పన్ను పడే హద్దుకే రాదు. ఆయనకు పన్ను ఆదా చూపించి ఏదైనా అమ్మబోతే, అది ఆయన కోసం చేసిన లెక్క కాదు.

రాత్రి ఎనిమిదింటికి అక్కను కూడా పిలిచి కూర్చోబెట్టాం. ముందు ఖర్చును విడదీసి రాయమన్నాను. బియ్యం, పాలు, కూరలు, కరెంటు, గ్యాస్, మందులు, పనమ్మాయి జీతం, ఆరోగ్యబీమా ప్రీమియం. ఇవి ఏ నెలా ఆగనివి. అక్క వేళ్ల మీద లెక్కపెట్టి 24,000 అంది. మిగతా 16,000 ప్రయాణాలు, పండగలు, పెళ్లిళ్లకు చదివింపులు, మనవళ్లకు కొనేవి. మార్కెట్ బాగాలేని ఏడాది ఈ పదహారులో కోత పెట్టుకోవచ్చు. ఆ ఇరవై నాలుగులో పెట్టుకోలేం. కాబట్టి 24,000 ఎవరో ఒకరు రాసిచ్చిన మాట మీద రావాలి. మిగతాది మార్కెట్ మీద ఆధారపడినా ఫరవాలేదు.

పీఎఫ్ పెన్షను 4,500 ఎలాగూ ఉంది. 15 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీంలో పెట్టాలనుకున్నాం. ఒక్కొక్కరు 30 లక్షల దాకా పెట్టొచ్చు. ఆయన పెట్టిననాటి రేటు 8.2 శాతం. మూడు నెలలకోసారి 30,750 వస్తుంది, అంటే నెలకు 10,250. ఐదేళ్లు, మరో మూడేళ్లు పొడిగించుకోవచ్చు. ఇంకో 15 లక్షలతో ఇద్దరి పేరా యాన్యుటీ, ఏమీ తిరిగివ్వని రకం, ఒకరు పోయినా రెండోవారికి పూర్తి మొత్తం వచ్చేట్టుగా. అక్క వయసు తక్కువ కాబట్టి ఒక్కరి పేర తీసుకున్నదానికన్నా శాతం తగ్గింది, 7 శాతం చొప్పున కోట్ వచ్చింది. నెలకు 8,750. ఈ మూడూ కలిపితే 23,500. ఆగని ఖర్చు దాదాపు పూర్తయింది.

మిగిలిన 30 లక్షలు ఫండ్లలో. అందులో 5 శాతం, అంటే నెలకు 12,500తో విత్‌డ్రాయల్ ప్లాన్. ఆ ముప్పైలో 5 లక్షలు లిక్విడ్ ఫండ్‌లో ఉంచి, నెలనెలా తీసేది అక్కణ్ణుంచే పెట్టాం. అది మూడేళ్ల ఖర్చు. మార్కెట్ బాగున్న ఏడాది షేర్లున్న ఫండ్‌లోంచి అమ్మి ఆ ఐదు లక్షల్ని మళ్లీ నింపాలి. 2008 లాంటి ఏడాది వస్తే షేర్ల ఫండ్‌ను అసలు ముట్టుకోకుండా మూడేళ్లు ఆగొచ్చు. 2008లో పడినది 2010 చివరకు తిరిగి పాత చోటికే వచ్చింది కాబట్టి మూడేళ్లు అనుకున్నాం. ప్రతిసారీ అంత తొందరగా కోలుకుంటుందన్న హామీ లేదు.

అన్నీ కలిపితే 36,000. నలభై కాలేదు. బావగారు పెన్ను పక్కన పెట్టి కాసేపు పుస్తకం వైపు చూస్తూ ఉండిపోయారు. ఆ నాలుగువేల కోసం విత్‌డ్రాయల్ మొత్తాన్ని పెంచుదామా అన్నారు. పెంచితే ఏడాదికి ఆరున్నర శాతం దాటుతుంది. వద్దన్నాను. 60 లక్షలు ముప్పై ఏళ్లపాటు, పెరిగే ధరలతోపాటు, నెలకు 40,000 ఇవ్వలేవు. ఇవ్వగలవని చెప్పే కాగితం ఎక్కడో ఒకచోట ఏదో దాచిపెడుతోంది. అక్క మాత్రం తేలిగ్గానే తీసుకుంది. "కారు ఎలాగూ నెలకు రెండుసార్లే తీస్తున్నాం, అమ్మేద్దాం" అంది.

అరవై ఎనిమిదో ఏట పోస్టాఫీసు డబ్బు తిరిగొస్తుంది. అప్పుడు దాంతో ఇంకో యాన్యుటీ కొనాలన్నది మా ఆలోచన. వయసు పెరిగింది కాబట్టి శాతం పెరుగుతుంది, అప్పటి ధరలకు తగ్గట్టు ఆదాయం ఒక మెట్టు పైకెక్కుతుంది. ఈ పద్ధతి నాకు నచ్చడానికి మరో కారణం ఉంది. ఎనభై దాటాక ఫండ్ల స్టేట్‌మెంట్ చదివి, ఏది అమ్మాలో తేల్చుకునే ఓపిక చాలామందికి ఉండదు. డెబ్బై నాటికి మార్కెట్ మీద ఆధారపడే వాటా తగ్గి, దానంతట అదే ఖాతాలో పడే వాటా పెరుగుతూ ఉండాలి. యాన్యుటీకి కూడా బతికున్నట్టు ధ్రువపత్రం అడిగినప్పుడల్లా ఇవ్వాలి, మరిచిపోతే చెల్లింపు ఆగుతుంది. అయినా అది కూర్చున్నచోట అయ్యే పని.

విత్‌డ్రాయల్ ప్లాన్ గాడి తప్పుతోందని తెలుసుకోవడానికి బావగారికి ఒకే ఒక్క పని చెప్పాను. ప్రతి ఏప్రిల్ ఒకటిన, రాబోయే ఏడాది తీసుకోబోయే మొత్తాన్ని ఆ రోజు ఫండ్లలో ఉన్న మొత్తంతో భాగించాలి. ఇవాళ అది 5 శాతం. మార్కెట్ పడితే 6 కావచ్చు, అప్పుడు ఆ ఏడాది పెంపు ఆపాలి. 7 దాటితే తీసుకునేది తగ్గించాలి. యూనిట్ల సంఖ్య ఏటా తగ్గుతుంది, దానికి బెంగపడనక్కర్లేదు. ఈ శాతం ఏటేటా ఎక్కుతూ పోతుంటే మాత్రం డబ్బు మనకన్నా ముందే అయిపోయే దారిలో ఉందని లెక్క. డెబ్బై ఐదేళ్ల మనిషికి ఆరు ఏడు శాతం అంత ప్రమాదం కాదు, ముందున్న ఏళ్లు తక్కువ కనుక. అరవై మూడేళ్లకే ఏడు కనిపిస్తే వెంటనే చేయి తగ్గించాలి.

పడుకోబోయే ముందు అక్క అడిగిన ప్రశ్న నాకు ఇంకా గుర్తుంది. "ఆయనకేమైనా అయితే మరుసటి నెల ఈ డబ్బంతా నాకెలా వస్తుందిరా?" బావగారు ఆ పుస్తకంలో రాసుకోని ప్రశ్న అదొక్కటే. ఇద్దరి పేరా ఉన్న యాన్యుటీ ఆమెకు కొనసాగుతుంది. పీఎఫ్ పెన్షను సగానికి తగ్గి వితంతు పెన్షనుగా వస్తుంది. ఫండ్ మాత్రం ఒక్కరి పేరే ఉంటే విత్‌డ్రాయల్ ప్లాన్ అక్కడితో ఆగిపోతుంది. నామినీగా కాగితాలన్నీ ఇచ్చి యూనిట్లు తన పేరుకు మార్పించుకుని, మళ్లీ కొత్తగా ప్లాన్ పెట్టుకోవాలి. అదే ఇద్దరి పేరా, ఎవరైనా ఒకరు నడపగలిగేలా తెరిచి ఉంటే ఆ పని చాలా తేలికవుతుంది. ఆ సోమవారమే ఇద్దరూ బ్యాంకుకు వెళ్లి ఫండ్ దరఖాస్తులో అక్క పేరు కూడా రాయించారు. మీ ఇంట్లో ఆ దరఖాస్తు ఇంకా నింపకపోతే, రెండో పేరు గడి ఖాళీగా వదిలేయకండి.